నొప్పి తెలియని పాదాలు

షుగరు ఉన్న మనిషి ఉపకేంద్రానికి వస్తాడు, బీపీ చూపించుకుంటాడు, నెలకు సరిపడా మాత్రలు తీసుకుని వెళ్లిపోతాడు. అరికాలిలో పుండు ఉన్నా ఆ మాట ఎత్తడు. దాచాలని కాదు, అతనికి తెలియదు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర అదుపు తప్పితే పాదాల్లోని నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, వేడినీళ్లు కాల్చినా, చెప్పు ఒరిసినా నొప్పి పుట్టదు. అందుకే పల్లెల్లోని ఏఎన్ఎంలకు, నర్సులకు పాదాల సంరక్షణ నేర్పేటప్పుడు మొట్టమొదట చేయించాల్సిన పని ఒకటుంది. రోగి అడిగినా అడగకపోయినా చెప్పులు విప్పించి, పాదం చేతిలోకి తీసుకుని, అరికాలు, మడమ, వేళ్ల సందులు చూడటం.

ఆ తర్వాత స్పర్శ పరీక్ష. దీనికి వాడే మోనోఫిలమెంట్ ఒక పిడికి బిగించిన సన్నని నైలాన్ దారం. చర్మానికి నిటారుగా ఆనించి నొక్కితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి దగ్గర అది వంగుతుంది. ఆ మాత్రం ఒత్తిడి తెలియకపోతే పాదానికి రక్షణ పోయినట్టే. ముందు రోగి చేతి మీద తాకించి, ఎలా ఉంటుందో చూపాలి. తర్వాత కళ్లు మూయించి బొటనవేలి అడుగున, దాని మొదట్లోని ఉబ్బెత్తు మీద, చిటికెనవేలి మొదట్లో తాకించాలి. ఆనెకాయ మీద, పుండు మీద పెట్టకూడదు.

శిక్షణలో ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే. తాకిస్తూ "తెలుస్తోందా తాతా?" అంటే ఆ పెద్దాయన "తెలుస్తోందమ్మా" అంటాడు. సిస్టరమ్మ అడిగింది కదా, కాదంటే బాగుండదని మర్యాదకు అనే మాట అది. పరీక్ష చెడిపోయేది చాలాసార్లు దీనివల్లే. ఒక్కో చోట మూడుసార్లు అడగాలి, అందులో ఒకసారి దారం ఆనించకుండానే అడగాలి. తాకినప్పుడు ఎక్కడ తాకిందో కూడా చెప్పించాలి. మూడింట రెండు సరిగ్గా చెబితే అక్కడ స్పర్శ ఉన్నట్టు లెక్క.

దారం లేని చోట చూపుడువేలు చాలు. రోగి కళ్లు మూయించి, రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, గీకకూడదు. ఆరింటిలో రెండు, అంతకంటే ఎక్కువ తెలియలేదంటే స్పర్శ తగ్గిందని అనుమానించాలి. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు తీర్చిన పద్ధతి ఇది.

తరగతిలో చర్చకు ఇలాంటి రోగిని తీసుకుందాం. వయసు 55, వరి రైతు, షుగరు వచ్చి పన్నెండేళ్లు. కుడి బొటనవేలి మొదట్లో గట్టి ఆనెకాయ, దాని నడుమ నల్లటి మచ్చ. నొప్పి లేదంటాడు. దారం తాకితే తెలియలేదు. పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి మాత్రం చేతికి అందుతోంది, అంటే రక్తప్రసరణ పూర్తిగా దెబ్బతిన్నట్టు లేదు. ఆ మచ్చను మురికి అనుకుని కడిగి పంపేస్తే ప్రమాదం. మొద్దుబారిన పాదంలో ఆనెకాయ చెప్పులో చిక్కుకున్న గులకరాయిలా అడుగడుగునా లోపలి కండను నలిపేస్తుంది. నల్లమచ్చ లోపల కారిన రక్తం. దాని కింద పుండు ఉండవచ్చు.

నర్సు ఆనెకాయను బ్లేడుతో చెక్కకూడదు, ఆనెల పట్టీలు, మందులు అంటించనివ్వకూడదు. శిక్షణ పొందిన డాక్టరు దాన్ని పలచగా చెక్కితేనే అడుగున ఏముందో తెలుస్తుంది. పుండు బయటపడితే శుభ్రమైన కట్టు ఒక్కటే చాలదు, ఆ చోట బరువు పడకూడదు. నాట్ల రోజుల్లో రైతుకు ఈ మాట చెప్పడం కష్టం. నొప్పి లేదు కాబట్టి అతను పొలం మానడు. అందుకే వెంట వచ్చిన ఇల్లాలికీ పుండు చూపించి చెప్పాలి.

మానాక కూడా ఆ పాదం మామూలుది కాదు. ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడాలి. చెప్పులు మెత్తని ఎంసీఆర్ అడుగుతో, వెనక పట్టీతో ఉండాలి. మన ఆరోగ్య సిబ్బందికి ఇవి కొత్తవి కావు. స్పర్శ పోయిన కుష్ఠు రోగులకు పంచే చెప్పులు ఇవే. వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాలను చూసిన డాక్టర్ పాల్ బ్రాండ్ పుండ్లకు కారణం రోగం తినేయడం కాదు, నొప్పి లేకుండా నడవడమేనని గుర్తించారు. తర్వాత అమెరికాలో అదే జ్ఞానాన్ని షుగరు రోగులకు అన్వయించారు.

కొన్నింటికి మాత్రం ఎదురుచూడకూడదు. పుండు చుట్టూ రెండు సెంటీమీటర్లు మించి ఎరుపు, చీము, దుర్వాసన, నల్లబడ్డ వేలు, జ్వరం కనిపిస్తే ఆరోజే పెద్దాసుపత్రికి పంపాలి. పుండేమీ లేకుండా ఒక పాదం మాత్రమే వాచి, రెండోదానికంటే వెచ్చగా ఉన్నా అంతే. లోపలి ఎముకలు విరిగి కుంగుతూ ఉండవచ్చు, దాన్ని బెణుకని నూనె రాసి నడిపిస్తే పాదం ఆకారమే చెడుతుంది. పంపే చీటీలో "షుగరు పుండు" అని మాత్రమే రాస్తే అక్కడి డాక్టరుకు ఏమీ తెలియదు. పుండు ఏ పాదంలో, ఎక్కడ, ఎంత వెడల్పు, ఎన్నాళ్లుగా ఉంది, నాడి అందిందా, స్పర్శ తెలిసిందా అన్నవన్నీ రాయాలి.