‘రక్తం సూది’లో రక్తం ఉండదు: అపోహలు – వాస్తవాలు

డయాలసిస్ గదిలో మిషన్ ఆపే ముందు సిస్టర్ ఫ్రిజ్‌లోంచి చిన్న సిరంజి ఒకటి తీసి వేస్తుంది. పేషెంట్లు దాన్ని ‘రక్తం సూది’ అంటారు, కొందరు ‘బలం ఇంజెక్షన్’ అంటారు. దాని పేరు ఎరిత్రోపొయెటిన్. క్యాన్సర్ వార్డులో దాని చుట్టం ఒకటుంది. అది ఫిల్‌గ్రాస్టిమ్, అక్కడివాళ్ళ మాటల్లో ‘కణాల సూది’. రెండూ ఎముక మజ్జతో మాట్లాడే మందులే. ఎర్ర కణాలు చేయమని మొదటిది చెబుతుంది, తెల్ల కణాలు చేయమని రెండోది చెబుతుంది. వీటి గురించి వార్డుల్లో చక్కర్లు కొట్టే అపోహలన్నీ దాదాపు ఒకే చోట పుడతాయి: మందు చేసేది మజ్జకు కబురు పంపడమేనన్న సంగతి మరిచిపోవడం దగ్గర.

అపోహ: “సిస్టరమ్మా, ఈ సూది పడింది కదా, ఇంక రక్తం ఎక్కించక్కర్లేదుగా?”

ఎరిత్రోపొయెటిన్ మన ఒంట్లోనే తయారయ్యే హార్మోన్. చేసేది ప్రధానంగా కిడ్నీలు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అవి పసిగడతాయి. వెంటనే ఈ హార్మోన్ వదిలి మజ్జను తొందరపెడతాయి. అందుకే కిడ్నీలు చెడినవాళ్ళకు రక్తహీనత తప్పదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ డయాలసిస్ సెంటర్‌కి వెళ్ళినా పాలిపోయిన ముఖాలు కనిపించడానికి ఒక ముఖ్యకారణం ఇదే. తిండి సరిపోకపోవడం ఒక్కటే కాదు.

1977లో అమెరికాలో మియాకే, గోల్డ్‌వాసర్ బృందం ఈ హార్మోన్‌ను తొలిసారి శుద్ధి చేసింది. మజ్జ పనిచేయని రోగుల నుంచి సేకరించిన సుమారు 2,550 లీటర్ల మూత్రం అందుకు కావలసివచ్చింది. అలాంటి పదార్థాన్ని మందుగా అమ్మడం ఊహకు కూడా అందదు. తర్వాత దాని జన్యువు చేతికి చిక్కింది, కణాల్లో పెంచి తీయడం సాధ్యమైంది, 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. ఇవాళ సెంటర్లలో 4,000 యూనిట్ల సిరంజిగా కనిపించేది అదే.

సూది పడిన రోజు ఒంట్లో ఒక్క ఎర్ర కణం కూడా పెరగదు. మజ్జలో కొత్త కణాలు పుట్టి, ముదిరి, రక్తంలోకి రావాలి. హిమోగ్లోబిన్‌లో తేడా తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్ 5కి పడిపోయి, కూర్చున్నా ఆయాసం వస్తున్న మనిషికి ఇది ఆ పూట ఆదుకునే మందు కాదు. అతనికి రక్తం ఎక్కించాల్సిందే. సూది అసలు ప్రయోజనం వేరే ఉంది. మాటిమాటికీ రక్తం ఎక్కించే అవసరాన్ని అది తగ్గిస్తుంది. ఎక్కించిన ప్రతిసారీ పరాయి కణాల మీద యాంటీబాడీలు తయారయ్యే అవకాశం ఉంటుంది. రేపు కిడ్నీ మార్పిడికి దాత దొరికినా మ్యాచ్ కాకుండా అడ్డుపడేవి అవే.

అపోహ: హిమోగ్లోబిన్ పెరగట్లేదంటే డోసు చాలట్లేదని అర్థం

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఇలాంటి సెంటర్లలో తరచూ ఎదురయ్యే పరిస్థితిని ఒక ఉదాహరణగా తీసుకుందాం. అరవై కిలోల రైతు, వారానికి మూడుసార్లు డయాలసిస్, హిమోగ్లోబిన్ 7.8. మామూలుగా కిలోకి 50 నుంచి 100 యూనిట్ల చొప్పున వారానికి మూడుసార్లు మొదలుపెట్టాలి. అతనికి 4,000 యూనిట్లు వారానికి రెండుసార్లు రాశారు, మొత్తం 8,000. తక్కువ మోతాదు లెక్కకు అది దగ్గరే. నెల తర్వాత హిమోగ్లోబిన్ 8.1. “మందు పనిచేయట్లేదు, పదివేలది వేయండి సార్” అంటాడు కొడుకు.

డోసు ముట్టుకునే ముందు చూడాల్సింది ఐరన్. ఎంత మంచి వంటమనిషికి కబురు పెట్టినా ఇంట్లో బియ్యం లేకపోతే అన్నం ఉడకదు. అతని సీరమ్ ఐరన్ 35, దాన్ని మోసే సామర్థ్యం, అంటే రిపోర్టులో ‘టీఐబీసీ’ అని ఉండేది, 250. 35ని 250తో భాగించి శాతం చేస్తే 14. ఇది కనీసం 20 దాటాలి. ఫెర్రిటిన్ 180. మామూలు మనిషికైతే ఈ అంకె బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, డయాలసిస్ పేషెంట్‌కి మాత్రం అది చాలదు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెర్రిటిన్ దానంతట అదే పెరిగి ఐరన్ దండిగా ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. ఐరన్ ఉన్నా గోదాములో తాళం వేసి ఉంటుంది, మజ్జకు అందదు. అందుకే రెండు అంకెలూ కలిపి చదవాలి.

డయాలసిస్ పేషెంట్‌కి ఐరన్ మాత్రలు చాలాసార్లు ఆనవు. అతనికి ప్రతి డయాలసిస్‌లో 100 మిల్లీగ్రాముల ఐరన్ సుక్రోజ్ చొప్పున పదిసార్లు నరంలోకి ఎక్కించారు. సూది డోసు అలాగే ఉంచారు. ఆరు వారాలకు హిమోగ్లోబిన్ 10.2కి వచ్చింది. డోసు పెంచి ఉంటే మందు ఖర్చు పెరిగేది, ఐరన్ కొరత అలాగే ఉండేది.

ఐరన్ బాగున్నా పెరగకపోతే ఇంకొన్ని ప్రశ్నలు వేయాలి. కాథెటర్‌లో ఇన్ఫెక్షన్ ఉందా? డయాలసిస్ సరిగా జరుగుతోందా? మలంలో రక్తం పోతోందా? పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరిగిందా? సిరంజి ఊరి నుంచి ఎండలో బస్సులో వచ్చిందా అన్నది కూడా అడగాలి. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టించకూడదు, బాగా కుదపకూడదు. మెడికల్ షాపులో కొని సంచిలో వేసుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే డోసు కాగితం మీదే ఉంటుంది.

చాలా అరుదుగా ఇంకోటి జరుగుతుంది. నెలల తరబడి బాగా పనిచేసిన మందు హఠాత్తుగా చేతులెత్తేస్తుంది. హిమోగ్లోబిన్ వారం వారం జారిపోతుంది, రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన ఎర్ర కణాలు, దాదాపు మాయమవుతాయి. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మాత్రం మామూలుగానే ఉంటాయి. ఒళ్ళు ఈ మందు మీదే యాంటీబాడీలు చేసుకుందన్నమాట. అవి సొంత హార్మోన్‌ను కూడా వదలవు. 1998 తర్వాత కొన్నేళ్ళు యూరప్‌లో ఇలాంటి కేసులు ఎక్కువగా కనిపించాయి, ముఖ్యంగా ఒక బ్రాండ్‌ను చర్మం కింద వేసుకున్నవారిలో. అలాంటప్పుడు డోసు పెంచడం, బ్రాండ్ మార్చడం పనికిరావు. ఆ జాతి ఇంజెక్షన్లన్నీ ఆపేయాలి.

అపోహ: హిమోగ్లోబిన్ ఎంత పెరిగితే అంత మంచిది

ఒకప్పుడు డాక్టర్లూ ఇదే అనుకున్నారు. ఆరోగ్యవంతుల అంకె 13, 14 అయితే కిడ్నీ పేషెంట్‌ని అక్కడికెందుకు చేర్చకూడదన్నది వాదన. దాన్ని పరీక్షించిన అధ్యయనాలు ఎదురుతిరిగాయి. 2006లో వచ్చిన ‘కాయిర్’లో 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవారు, 11.3 లక్ష్యంగా పెట్టుకున్నవారికంటే గుండె సమస్యలతో ఎక్కువగా ఇబ్బందిపడ్డారు. 2009 నాటి ‘ట్రీట్’లో, షుగర్ ఉన్న కిడ్నీ రోగుల్లో పక్షవాతం వచ్చినవారు, ఈ జాతి మందు తీసుకున్న గుంపులో 5 శాతం, తీసుకోని గుంపులో 2.6 శాతం. అందుకే ఇప్పుడు డయాలసిస్‌లో 10 నుంచి 11.5 మధ్య నిలపాలంటారు, 13 దాటించకూడదంటారు. అసలు మంచిది కాబట్టే కదా పెంచుతున్నాం అనే పేషెంట్‌ని ఒప్పించడం అంత తేలిక కాదు, అది నిజం.

పెరిగే వేగం కూడా ముఖ్యమే. మన రైతుకు 10.2 తర్వాత రెండు వారాల్లో 11.7 వచ్చింది, బీపీ 170/100. రెండు వారాల్లో 1 గ్రాముకు మించి పెరిగితే డోసును పావు వంతు తగ్గించాలి. 8,000 కాస్తా 6,000 అవుతుంది, అంటే ఒకరోజు 4,000, ఇంకోరోజు 2,000. బీపీ మందు సర్దాలి. రక్తం చిక్కబడుతున్న కొద్దీ బీపీ ఎక్కుతుంది. మరీ అదుపు తప్పితే ఫిట్స్ కూడా రావచ్చు. రోజూ చేత్తో ఫిస్టులా తాకి ‘జుమ్’మనే కదలిక ఉందో లేదో చూసుకోవాలి. అది ఆగితే గడ్డకట్టిందని అనుమానించి అదే రోజు సెంటర్‌కి వెళ్ళాలి. “కౌంట్ బాగుంది కదా, సూది ఆపేద్దాం” అనడం మాత్రం పొరపాటు. పూర్తిగా ఆపితే నెలలో మళ్ళీ 8కి వస్తుంది, అక్కడినుంచి మళ్ళీ పెంచడం, ఇలా ఉయ్యాల ఊగుతుంది.

ఈ మందు క్యాన్సర్ పేషెంట్‌కి బలం ఇంజెక్షన్ కాదు. కొన్ని క్యాన్సర్లలో దీనివల్ల జబ్బు ముదిరిందని, ఆయుష్షు తగ్గిందని తేలాక 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టింది. కీమోవల్ల వచ్చిన రక్తహీనతలో, అదీ నయం చేసే ఉద్దేశంతో ఇవ్వని కీమోలో, ఆలోచించి వాడాల్సిన మందది.

అపోహ: కణాల సూది పడింది, ఇక జ్వరం రాదు, వచ్చినా సూది వల్లే

ఫిల్‌గ్రాస్టిమ్ 1991లో వచ్చింది. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు పడిపోయే రోజుల్ని ఇది కుదిస్తుంది, పూర్తిగా తప్పించదు. కిలోకి 5 మైక్రోగ్రాముల చొప్పున రోజూ వేస్తారు. కీమో అయిన 24 గంటల తర్వాతే మొదలుపెట్టాలి. ముందే వేస్తే కొత్తగా విభజన చెందుతున్న కణాలన్నీ కీమోకు ఎర అవుతాయి. ఒక్కసారి వేసే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌కీ ఈ 24 గంటల నియమం ఉంది.

వార్డులో జరిగే పొరపాటు ఒకటుంది. మొదలుపెట్టిన ఒకటి రెండు రోజులకే కౌంట్ ఎగబాకుతుంది. మజ్జలో తయారై దాగున్న కణాలు బయటికి రావడమే అందుకు కారణం. “పెరిగింది కదా” అని ఆపేస్తే, అసలు పతనం ఆ తర్వాత వస్తుంది. పాతాళం తాకి మళ్ళీ కోలుకునేదాకా కొనసాగించాలి.

జ్వరం వస్తే కౌంట్ లెక్క ఇలా చూడాలి. మొత్తం తెల్ల కణాలు 1,800, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం అనుకోండి. న్యూట్రోఫిల్స్ 360 అన్నమాట. 500 లోపు ఉండి జ్వరం 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 101 ఫారన్‌హీట్ దాటితే అది అత్యవసరం. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. సూది దాని బదులు కాదు.

సూదివల్ల ఎముకల నొప్పి నిజంగానే వస్తుంది, నడుము, తొడల్లో ఎక్కువ. పారాసిటమాల్ వేసుకోవచ్చు. కానీ ముందు థర్మామీటర్ పెట్టి చూసుకుని వేసుకోవాలి, లేకపోతే జ్వరం దాని కింద దాక్కుంటుంది. ఎడమ వైపు పక్కటెముకల కింద గానీ ఎడమ భుజంలో గానీ గట్టి నొప్పి వస్తే ప్లీహం గురించి ఆలోచించాలి. చిరిగిపోయిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకు, మన గిరిజన ప్రాంతాల్లో వాళ్ళు తక్కువేం కాదు, ఈ మందు ప్రాణాంతకమైన నొప్పి దాడిని రేపగలదు. డాక్టర్ అడగకపోయినా ఆ విషయం చెప్పాలి.

తెల్ల కణాలు 40,000 అని రిపోర్టు వస్తే ఇంట్లో ‘బ్లడ్ క్యాన్సర్’ అని కంగారు పడతారు. సూది పనిచేసిన గుర్తే అది కావచ్చు. ఆపితే న్యూట్రోఫిల్స్ ఒకటి రెండు రోజుల్లో దాదాపు సగానికి తగ్గుతాయి. అందుకే రిపోర్టు చూపించేటప్పుడు చివరి సూది ఏ తేదీన పడిందో కూడా చెప్పాలి.

అపోహ: డెంగీలో ప్లేట్‌లెట్లు పెంచే మాత్ర ఉంది

ప్లేట్‌లెట్లు చేయమని మజ్జకు కబురు పంపే ఎల్ట్రోంబోపాగ్ అనే మాత్ర ఉంది, కానీ అది డెంగీకి కాదు. ఐటీపీ లాంటి దీర్ఘకాలిక జబ్బుల్లో వాడతారు. పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు ఆలోపే వాటంతటవి పెరుగుతాయి. పైగా ఈ మాత్రతో లివర్ పరీక్షలు తప్పవు, పాలు, పెరుగు, కాల్షియంతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు.