ఫొటోలో ఎల్, ఫైల్లో ఒకటి

ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కోడ్ చాలాసార్లు స్క్రీన్‌షాట్‌గానే తిరుగుతుంది. పంపేవాడికి ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. తంటా అంతా దాన్ని మళ్లీ అక్షరాల్లోకి దించుకునేవాడిది. కింది ఐదు వరుసల పైథాన్ కోడ్ ఫొటోగా వచ్చిందనుకుందాం.

```
def total(items):
    t = 0
    for l in items:
        t = t + l
    return t
```

ఇచ్చిన అంకెలన్నీ కూడి మొత్తం చెప్పడం దీని పని. 10, 20, 30 ఇస్తే 60 రావాలి. ఫొటోలోని అక్షరాలను చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్, నాలుగో వరుస చివరనున్న `l` ను `1` అనుకుంటే మాత్రం 3 వస్తుంది. ఎందుకంటే అప్పుడది అంకెలను కూడదు, ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. కంప్యూటర్ కిక్కురుమనదు. దాని దృష్టిలో రెండూ సరైన కోడే.

ఎడమవైపు ఖాళీలతో ఇంకో చిక్కుంది. ఓసీఆర్ మామూలుగా వరుస మొదట్లోని ఖాళీలను పట్టించుకోదు, అన్నిటినీ అంచుకు తెచ్చి పెడుతుంది. పైథాన్‌లో ఏ వరుస దేని లోపలిదో చెప్పేవి ఆ ఖాళీలే కాబట్టి `IndentationError` వస్తుంది. నిజానికి అదే మంచిది, తప్పు ఉందని తెలుస్తుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత, చేత్తో ఖాళీలు పెట్టేటప్పుడు. చివరి `return` ను పొరపాటున పై వరుసతో సమానంగా ఎనిమిది ఖాళీల లోపలికి జరిపితే, మొదటి అంకె కూడగానే పని ముగిసిపోతుంది. జవాబు 10. ఈసారీ ఎర్రర్ ఉండదు.

ఇక్కడ ఊహకు పోనక్కర్లేదు, కొలవొచ్చు. కోడ్ రాసే ఫాంట్లలో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉంటుంది. మొదటి వరుసలో ఖాళీతో కలిపి 17 అక్షరాలున్నాయి. అది ఫొటోలో సుమారు 187 పిక్సెళ్లు పట్టిందంటే ఒక్కో అక్షరానికి 11. ఇక టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌ను ఇలా నడపాలి:

```
tesseract code.png out tsv
```

`out.tsv` అనే ఫైల్ తయారవుతుంది. అందులో `left` అన్న వరుస ప్రతి మాటా ఫొటో ఎడమ అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో మొదలైందో చెబుతుంది. `def` 40 దగ్గర, `return` 84 దగ్గర మొదలైతే తేడా 44. పదకొండుతో భాగిస్తే నాలుగు ఖాళీలు. అక్షరం ఆకారాన్ని బట్టి ఒకటి రెండు పిక్సెళ్లు అటూ ఇటూ అయినా దగ్గరి పూర్ణాంకం తీసుకుంటే సరిపోతుంది. కంటితో చూసేవాళ్లు పై వరుసలో ఏ అక్షరం కింద ఇది మొదలైందో చూసుకున్నా ఇదే తేలుతుంది.

అక్షరాలను మాత్రం కొలిచి తేల్చలేం, చుట్టుపక్కల చూసి తేల్చాలి. బ్యాంకు ఐఎఫ్ఎస్సీ కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నాయే, అందుకే అక్కడ `O` అని సందేహపడక్కర్లేదు. ఈ కోడ్‌లోనూ అలాంటి ఆధారం ఉంది: మూడో వరుసలో `l` అని ఒక పేరు పెట్టుకున్నారు, `1` అని చదివితే ఆ పేరును ఎక్కడా వాడనట్టే అవుతుంది. పేరు పెట్టి వాడకుండా వదిలేశారంటే అనుమానించాల్సిందే. అసలు `l`, `O`, `I` లను ఒంటి అక్షరపు పేర్లుగా పెట్టొద్దని పైథాన్ శైలి నియమావళి పెప్ 8 ఎప్పుడో చెప్పింది. `flake8` అనే తనిఖీ ప్రోగ్రాం కూడా మూడో వరుసను `E741` అని పట్టిచూపిస్తుంది. అప్పుడు ఫొటోను పెద్దది చేసి అదే ఫొటోలో ఖాయంగా `l` అని తెలిసినచోట, అంటే `total` చివర, ఆకారం ఎలా ఉందో పోల్చుకోవాలి.

వంకర కొటేషన్ గుర్తుల బెడద తక్కువే. వర్డ్‌లోనో ఫోన్‌లోనో టైపు చేస్తే అవి దూరుతాయి గానీ, పైథాన్ `U+201C` అని నంబరుతో సహా ఫిర్యాదు చేస్తుంది.

కొన్ని ఫొటోలో ఉండనే ఉండవు. ఎడమ ఖాళీ ట్యాబ్‌తో వచ్చిందా, స్పేస్‌లతోనా అన్నది బొమ్మ చెప్పదు. పైథాన్‌కైతే అన్నీ స్పేస్‌లే పెట్టేయొచ్చు. మేక్‌ఫైల్‌లో ఆదేశం ముందు ట్యాబే ఉండాలి, లేకుంటే `missing separator` అని ఆగిపోతుంది.

పాస్‌వర్డ్‌లు, కీల వంటి అర్థంలేని అక్షరాల గొలుసులైతే చుట్టుపక్కల చూసినా ఆధారం దొరకదు. బిట్‌కాయిన్ రూపకర్త ఈ సంగతి ముందే ఆలోచించి, చిరునామాల్లో `0`, `O`, `I`, `l` నాలుగింటినీ తీసేసి మిగిలిన 58 అక్షరాలే వాడారు. ఆ జాగ్రత్త లేని కీ ఫొటోగా వస్తే, పంపినవాళ్లను టెక్స్ట్‌గా మళ్లీ పంపమని అడగడమే దారి.