పైకి వెళ్లేకొద్దీ నెమ్మది

ఉపగ్రహాన్ని ఇంకా పై కక్ష్యకు చేర్చాలంటే ఇంజన్ మండించి వేగం పెంచాలి. తీరా అది పైకి చేరాక కొలిస్తే వేగం మునుపటికన్నా తగ్గి ఉంటుంది. ఇంటర్‌లో ఫిజిక్సు చదివినవాళ్లు చాలామంది ఉపగ్రహం లెక్కలో బోల్తా పడేది ఇక్కడే.

ఒక లెక్క చేసి చూద్దాం. 1000 కిలోల ఉపగ్రహం ఒకటి 7000 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న కక్ష్యలో గుండ్రంగా తిరుగుతోంది. ఈ 7000 భూమి కేంద్రం నుంచి కొలిచిన దూరం. నేల నుంచి కొలిస్తే ఎత్తు 622 కిలోమీటర్లే. ఈ తేడా మరిచిపోయి 622 వేసేస్తే వేగం సెకనుకు 25 కిలోమీటర్లని వస్తుంది. భూమి ఉపరితలం దగ్గర పలాయన వేగమే 11.2. అంతకు రెట్టింపు వేగంతో పోయేది భూమి చుట్టూ ఎందుకు తిరుగుతుంది? జవాబు అలా వచ్చిందంటే వ్యాసార్ధం బదులు ఎత్తు వేశారన్నమాట.

కక్ష్యా వేగానికి సూత్రం v = √(GM/r). భూమికి GM విలువ 3,98,600, దూరం కిలోమీటర్లలోనూ కాలం సెకన్లలోనూ తీసుకుంటే. దాన్ని 7000తో భాగించి వర్గమూలం కడితే సెకనుకు 7.55 కిలోమీటర్లు. కక్ష్య చుట్టుకొలతను ఈ వేగంతో భాగిస్తే ఆవర్తన కాలం 97 నిమిషాలు. పలాయన వేగం కావాలంటే 7.55ని √2తో గుణిస్తే చాలు, 10.67 వస్తుంది. పుస్తకంలో బట్టీపట్టిన 11.2 ఇక్కడ పనికిరాదు, అది నేల మీది లెక్క. పైకి పోయేకొద్దీ తప్పించుకోవడానికి కావలసిన వేగం తగ్గుతుంది. ఈ మూడు జవాబుల్లో ఎక్కడా ఉపగ్రహం బరువు రాలేదు. 1000 కిలోలైనా పది కిలోలైనా అవే అంకెలు.

బరువు అవసరమయ్యేది శక్తి దగ్గర. ఈ ఉపగ్రహాన్ని 42,164 కిలోమీటర్ల వ్యాసార్ధానికి, అంటే టీవీ ప్రసారాల ఉపగ్రహాలుండే భూస్థిర కక్ష్యకు, మార్చాలనుకుందాం. అక్కడ వేగం 3.07. ఆవర్తన కాలం 23 గంటల 56 నిమిషాలు, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేంత. వేగం సగం కన్నా తక్కువకు పడిపోయింది కాబట్టి గతిశక్తి కిలోకు 28.5 మెగాజౌళ్ల నుంచి 4.7కు దిగింది. అక్కడితో ఆగి శక్తి తగ్గిందని రాసేస్తే తప్పు. అదే సమయంలో స్థితిశక్తి కిలోకు 47.5 మెగాజౌళ్లు పెరిగింది. తగ్గింది 23.8, పెరిగింది 47.5. పెరుగుదల సరిగ్గా రెట్టింపు. గుండ్రటి కక్ష్యలు ఏ రెండు తీసుకున్నా ఇంతే. అందుకే మొత్తం శక్తి E = −GMm/2r అనే చిన్న సూత్రానికి వస్తుంది. ఆ రుణగుర్తు ఉపగ్రహం ఇంకా భూమికి కట్టుబడి ఉందని చెబుతుంది. గుర్తు ధనంగా వస్తే లెక్క తప్పినట్టే.

మన ఉపగ్రహానికి ఇవ్వాల్సిన శక్తి 23.7 గిగాజౌళ్లు. కరెంటు మీటరు భాషలో సుమారు 6,600 యూనిట్లు. రాకెట్‌కు పట్టే ఇంధనం మాత్రం ఇంతకు ఎన్నో రెట్లు, ఎందుకంటే అందులో పెద్ద వాటా వెనక్కి చిమ్మే వాయువులు పట్టుకుపోతాయి.

ఇంతకీ వేగం పెంచితే వేగం తగ్గడమేమిటి? ఇంజన్‌ను రెండుసార్లు మండించాలి. మొదట కింది కక్ష్యలో 7.55ని 9.88 చేస్తారు. దారి కోడిగుడ్డులా సాగుతుంది. ఉపగ్రహం పైకి ఎక్కుతూ ఎక్కుతూ వేగం కోల్పోయి, చివరి అంచుకు చేరేసరికి 1.64 దగ్గర నిలుస్తుంది. అక్కడ రెండోసారి మండించి 3.07కు తెస్తారు. అంటే రెండుసార్లూ పెంచడమే, తగ్గించింది భూమి ఆకర్షణ. శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎగిరినప్పుడు ఉపగ్రహాన్ని వదిలేది కూడా ఇలాంటి కోడిగుడ్డు దారిలోనే. అక్కడి నుంచి గుండ్రటి కక్ష్యకు చేర్చే పని ఉపగ్రహంలోని ఇంజన్‌ది, దానికి ఆదేశాలు వెళ్లేది కర్ణాటకలోని హాసన్ నుంచి.

రెండు మండింపులూ కలిపితే 3.77. అదే ఉపగ్రహం మొదటి కక్ష్య నుంచి భూమిని పూర్తిగా వదిలిపోవడానికి 10.67లోంచి 7.55 తీసేస్తే మిగిలే 3.12 చాలు. వేగం లెక్కన పారిపోవడం కన్నా భూస్థిర కక్ష్యలో కుదురుకోవడమే ఖరీదు.

ఇదే సూత్రాన్ని తిప్పి చదివితే ఇంకో వింత. కింది కక్ష్యల్లో పలచటి గాలి రాపిడికి ఉపగ్రహం శక్తి కోల్పోతుంది, కిందికి దిగుతుంది, దిగుతూ వేగం పెంచుకుంటుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానిదీ ఇదే పరిస్థితి, అందుకే దాన్ని అప్పుడప్పుడు ఇంజన్లతో మళ్లీ పైకి నెట్టాల్సి వస్తుంది.