పక్కనుంచి వచ్చే తోపును ఏ పిల్లర్ ఎంత మోస్తుంది?

భవనం బరువు కిందికి ఎలా దిగుతుందో ఎవరికైనా ఊహకు అందుతుంది. స్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, అక్కణ్నుంచి పునాదికి. గాలి తోసినప్పుడు, భూమి కంపించినప్పుడు పక్కనుంచి పడే బలం ఇంత సూటిగా ఉండదు. వరుసలో ఉన్న పిల్లర్లన్నీ కలిసే దాన్ని మోస్తాయి. ఏది ఎంత మోస్తుందన్నదే చిక్కు ప్రశ్న. దానికి ఒక కాగితం, పెన్సిలుతో తేలే ఉజ్జాయింపు జవాబు ఉంది. ఇంజనీర్లు దాన్ని పోర్టల్ పద్ధతి అంటారు.

ఒక మూడంతస్తుల ఇల్లు తీసుకుందాం. వరుసగా మూడు పిల్లర్లు, వాటి మధ్య 4 మీటర్ల దూరం, ఒక్కో అంతస్తు ఎత్తు 3 మీటర్లు. భూకంపం వల్ల ఈ ఒక్క వరుస మీద పడే బలం పై కప్పు దగ్గర 48 కిలోన్యూటన్లు, దాని కింది స్లాబు దగ్గర 32, ఆ కింది స్లాబు దగ్గర 16 అనుకుందాం. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువంత బలం.

ఏ అంతస్తునైనా సగం ఎత్తులో అడ్డంగా కోసినట్టు ఊహించండి. ఆ కోతకు పైన పడ్డ తోపు అంతటినీ కోసిన పిల్లర్లే ఆపాలి, వేరే ఆధారం లేదు. కాబట్టి పై అంతస్తులోని మూడు పిల్లర్లు కలిసి 48, మధ్య అంతస్తులోవి 48, 32 కలిపి 80, కింది అంతస్తులోవి 96 కిలోన్యూటన్లు ఆపాలి. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు. ఈ మొత్తాలు తప్పితే లెక్క ఏదైనా తప్పే.

ఆ 96 మూడు పిల్లర్ల మధ్య ఎలా చీలుతుందన్న దగ్గరే ఊహ మొదలవుతుంది. పిల్లర్లు, బీములు గట్టిగా బిగిసి ఉన్న ఫ్రేములో ఆ వాటాలు ప్రతి పిల్లరూ ఎంత లావు, ప్రతి బీమూ ఎంత గట్టి అన్నదాని మీద ఆధారపడతాయి. ఈ చిన్న ఫ్రేములోనే సమతౌల్య సూత్రాలతో తేలని తెలియని రాశులు 18 మిగిలిపోతాయి. కంప్యూటర్లు లేని 1915లో ఆల్బర్ట్ స్మిత్ రెండు ఊహలతో ఆ ముడి విప్పాడు.

మొదటి ఊహ వంపు గురించి. ఫ్రేము పక్కకు ఒరిగినప్పుడు పైనా కిందా బీములకు బిగిసిన పిల్లర్ ఒక కొస దగ్గర ఒకవైపుకి, రెండో కొస దగ్గర ఇంకోవైపుకి వంగుతుంది. ఎక్కడో మధ్యలో వంపు దిశ మారుతుంది. ఆ బిందువు దగ్గర వంచే ప్రభావం సున్నా. అది పిల్లర్‌కు సరిగ్గా సగం ఎత్తులో, బీముకు సరిగ్గా సగం పొడవులో ఉందని అనుకుంటారు.

రెండోది వాటాల గురించి. రెండు పిల్లర్లు, పైన ఒక బీము కలిస్తే ఒక గుమ్మం. మన వరుసలో పక్కపక్కనే రెండు గుమ్మాలున్నాయి. ఒక్కో గుమ్మం తన వాటా తోపును తన రెండు కాళ్ల మధ్య సమంగా పంచుకుంటుందనుకుంటే, నడిమి పిల్లర్ రెండు గుమ్మాలకూ కాలే కనక దాని వాటా రెట్టింపు. అంటే చివరి పిల్లరుకు ఒక పాలు, నడిమి దానికి రెండు పాళ్లు, రెండో చివరి దానికి ఒక పాలు.

ఇక లెక్క తేలిక. కింది అంతస్తులో 96ను నాలుగు పాళ్లు చేస్తే చివరివాటికి 24 చొప్పున, నడిమి దానికి 48. మధ్య అంతస్తులో 20, 40, 20. పైన 12, 24, 12. ఈ బలాన్ని సగం ఎత్తు, అంటే 1.5 మీటర్లతో గుణిస్తే పిల్లర్ కొస దగ్గర వంచే ప్రభావం, మొమెంట్, వస్తుంది. చివరి పిల్లరుకు అది కింది అంతస్తులో 36, మధ్యలో 30, పైన 18 కిలోన్యూటన్ మీటర్లు.

మొదటి స్లాబు దగ్గర చివరి జాయింటు చూడండి. పై పిల్లర్ నుంచి 30, కింది పిల్లర్ నుంచి 36 అక్కడికి చేరతాయి. వాటిని ఆపడానికి అక్కడున్నది ఒక్క బీమే కాబట్టి దాని మొమెంట్ 66. అదే లెక్కన రెండో స్లాబు బీములో 48, కప్పు బీములో 18. బీము మొమెంట్‌ను దాని సగం పొడవు 2 మీటర్లతో భాగిస్తే 33, 24, 9 వస్తాయి. ఈ మూడూ కలిపి 66 కిలోన్యూటన్లు ఒక చివరి పిల్లర్‌ను పైకి లాగుతాయి, అంతే బలం రెండో చివరి దాన్ని కిందికి నొక్కుతుంది. దూరాలు సమానం కాబట్టి నడిమి పిల్లరుకు ఈ లాగుడూ నొక్కుడూ ఉండవు.

ఇప్పుడు సరిచూసుకోవాలి. పునాది దగ్గర ఇంటిని పడదోసే మొమెంట్, ఒక్కో తోపును దాని ఎత్తుతో గుణించి కలిపితే, 432, 192, 48 కలిసి 672. ఆపేవైపు, పిల్లర్ల అడుగున 36, 72, 36 కలిపి 144. చివరి పిల్లర్ల 66 జంట 8 మీటర్ల దూరంలో ఉంది కనక 528. రెండూ కలిపితే సరిగ్గా 672. ఈ సరితూకం కుదరకపోతే ఎక్కడో కూడికో గుణింపో తప్పిందన్నమాట. కుదిరినంత మాత్రాన వాటాలు నిజమని కాదు, ఈ తేడా మరవకూడదు.

ఎందుకంటే మన ఊళ్లలో చాలా ఇళ్లకు పిల్లర్లన్నీ ఒకే సైజులో పోస్తారు. నడిమిది రెట్టింపు మోయాలంటే అంత గట్టిగా ఉండాలి. మూడూ సమానమై, బీములు చాలా గట్టివైతే 96 దాదాపు 32 చొప్పున చీలుతుంది. అప్పుడు 24కు లెక్కవేసిన చివరి పిల్లర్ మీద మూడో వంతు అదనపు బలం పడుతుంది. నిజమైన వాటా ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. అందుకే చివరి పిల్లర్లను ఈ పద్ధతి ఇచ్చిన అంకె దగ్గరే ఆపేయడం నాకు సమ్మతం కాదు.

పునాది ఇంకో మెలిక. నల్లరేగడిలో చిన్న ఫుటింగ్ మీద నిలిచిన పిల్లర్ అడుగు బిగిసి ఉండదు, కాస్త తిరుగుతుంది. అప్పుడు వంపు మారే బిందువు కిందికి జారుతుంది. అడుగు పూర్తిగా వదులైతే కింది అంతస్తు చివరి పిల్లర్ పై కొసన మొమెంట్ 36 కాదు, 24ను పూర్తి 3 మీటర్లతో గుణించిన 72. మొదటి స్లాబు బీములో 66 కాస్తా 102 అవుతుంది. సన్నటి స్థలంలో ఎత్తుగా లేచే భవనాల్లో పిల్లర్లు సాగడం, కుదించుకుపోవడం ముఖ్యమవుతుంది. వాటికి 1908లో విల్సన్ చెప్పిన కాంటిలివర్ పద్ధతే నయం.

ఈ లెక్కలో గోడలు కూడా లేవు. పై అంతస్తుల ఇటుక గోడలు ఫ్రేమును బిగించి, కింద కారు పార్కింగు ఖాళీగా ఉంటే కదలికంతా ఆ అంతస్తు పిల్లర్లలోనే పేరుకుంటుంది. 2001 జనవరి 26 భూకంపంలో అహ్మదాబాద్‌లో ఇలాంటి పార్కింగు అంతస్తుల భవనాలు కూలాయి. పోర్టల్ పద్ధతి కింది పిల్లర్లు మొత్తం 96 ఆపాలని చెబుతుంది గానీ ఈ పేరుకుపోవడాన్ని చూపించదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ క్షణాల్లో అసలు వాటాలు తేలుస్తుంది. అందులోనూ ఒక జాయింటును పొరపాటున వదులుగా పెట్టినా, ఒక అంతస్తు బలాన్ని ఎక్కించడం మరిచినా అందమైన రిపోర్టే వస్తుంది. ఇల్లు కట్టించుకునేవారు తమ ఇంజనీరును ఒక్క మాట అడగండి: కింది అంతస్తు పిల్లర్ల వాటాలన్నీ కలిపితే పైనున్న మొత్తం తోపుకు సరిపోయిందా? సరిపోని డిజైనుకు కాంక్రీటు పోయించకండి.