చార్జర్ లేని ల్యాప్‌టాప్‌ను అమ్మకానికి పెడితే

పాత ల్యాప్‌టాప్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లు చాలామంది "చార్జర్ లేదు, బాక్స్ లేదు" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. కొనేవాడికి ఆ ముక్క చదవగానే రెండు అనుమానాలు వస్తాయి. ఇది దొంగ సరుకేమో, అసలు చార్జింగే ఎక్కదేమో అని. ప్రకటనలో ఈ రెండింటికీ జవాబు దొరకాలి.

ముందు చార్జర్ సంగతి. పిన్ పట్టిన ప్రతి చార్జరూ పనికిరాదు. సన్నటి గుండ్రని పిన్ ఉండే డెల్ ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. చాలా మోడళ్లకు 19.5 వోల్టుల, 65 వాట్ల చార్జర్ కావాలి. పిన్ మధ్యలో ఉండే సన్నటి సూది ద్వారా ల్యాప్‌టాప్ చార్జర్‌ను గుర్తుపడుతుంది. సూది వంగినా, చార్జర్ నాసిరకం డూప్లికేట్ అయినా గుర్తుపట్టదు. అప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, పని కూడా చేస్తుంది, కానీ బ్యాటరీ ఎక్కకపోవచ్చు, వేగం కూడా తగ్గవచ్చు. అందుకే "ఆన్ అవుతోంది" అన్న మాట చాలదు. అదే రకం చార్జర్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి, బ్యాటరీ శాతం పెరుగుతోందో లేదో చూసి రాయాలి. ఎన్ని వోల్టులు కావాలో ల్యాప్‌టాప్ అడుగున ఉన్న లేబుల్ మీద ఉంటుంది. కొత్త చార్జర్ వోల్టులు దానితో సరిపోవాలి. వాట్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువైతే ఇబ్బంది.

మాన్యువల్ పోయినా నష్టం లేదు. అడుగున ఉన్న సర్వీస్ ట్యాగ్ నంబరుతో కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

బాక్స్ లేకపోతే పనితనంలో తేడా ఏమీ రాదు. కొరియర్‌లో పంపాల్సి వస్తే మాత్రం ప్యాకింగ్ ఎవరు చేయిస్తారో ముందే చెప్పాలి. అనుమానం తీర్చేది బాక్స్ కన్నా బిల్లు. అది ఉంటే ఫోటో పెట్టండి, పేరు, ఫోన్ నంబరు మాత్రం కనబడకుండా మూసేయండి.

ఇవన్నీ కలిపితే ప్రకటన ఇలా ఉంటుంది:

"డెల్ ల్యాప్‌టాప్. ఒరిజినల్ చార్జర్ ఇల్లు మారినప్పుడు పోయింది. 19.5 వోల్టులు, 65 వాట్లు, సన్న పిన్ చార్జర్ కొనుక్కోవాలి. స్నేహితుడి ఒరిజినల్ చార్జర్ పెట్టి చూశాను, బ్యాటరీ 20 నుంచి 80 శాతం దాకా ఎక్కింది. బాక్స్, మాన్యువల్ లేవు. బిల్లు ఉంది. చార్జర్ ఖరీదు తగ్గించే ధర చెప్పాను. మీ చార్జర్ తెచ్చుకుని పరీక్షించుకోవచ్చు."

తగ్గించేటప్పుడు బజారులో దొరికే డూప్లికేట్ ధర కాదు, ఒరిజినల్ చార్జర్ ధర చూసి తగ్గించడమే న్యాయం. అసలు పరీక్షించడమే కుదరకపోతే "చార్జింగ్ పరీక్షించలేదు" అని రాసి, ఇంకా తక్కువకు ఇవ్వండి. ఫోటోల్లో మాత్రం వెంట ఇవ్వని చార్జర్‌ను పెట్టకండి.