రెండు బిల్లులు వచ్చినప్పుడు సరఫరాదారుకు వ్రాయవలసిన ఉత్తరం

2024 ఆగస్టులో ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాన్ని తనిఖీ చేయడానికి వెళ్ళినప్పుడు అధ్యక్షుల ముందు ఒక చెక్కు సంతకానికి సిద్ధంగా ఉన్నది. మొత్తం 38,400 రూపాయలు. నలభై లీటర్ల అల్యూమినియం పాల క్యానులు పది కొన్నందుకు. అదే పది క్యానులకు అదే మొత్తం జూన్ 18వ తేదీననే చెల్లించినట్లు నగదు పుస్తకంలో మేము అంతకు గంట ముందే చూసి ఉన్నాము. కార్యదర్శిని అడిగితే, ఆయన మొహం వాడిపోయింది. "అయ్యా, రద్దు చేయమని వాళ్ళకు వ్రాశానండీ, రద్దు చేశామన్నారు కూడా. మళ్ళీ బకాయి అని స్టేటుమెంటు పంపారు" అన్నారు. డబ్బు తిన్నాడేమోనన్న మాట అప్పటికే పాలకేంద్రం దగ్గర ఒకరిద్దరి నోట వచ్చి ఉన్నదట.

ఆయన తిన్నది ఏమీ లేదు. తప్పంతా ఆయన వ్రాసిన సందేశంలో ఉన్నది.

జరిగినది ఇది. జూన్ 5వ తేదీతో 417 నంబరు బిల్లు పోస్టులో వచ్చింది. పాలకవర్గం తీర్మానం చేసి దాని మీదనే చెక్కు ఇచ్చింది. క్యానులు మాత్రం జూన్ 10న లారీలో వచ్చాయి. డ్రైవరు ఇచ్చిన కాగితాలలో 88వ నంబరు చలానాతో పాటు 431 నంబరు బిల్లు ఉన్నది. సరుకు బయలుదేరే రోజున సరఫరాదారు గుమాస్తా పాత బిల్లు సంగతి చూడకుండా కొత్త బిల్లు వేశాడు. కార్యదర్శి ఆ బిల్లును చలానాతో కలిపి స్టాకు ఫైలులో పెట్టారు. రెండు ఫైళ్ళు, రెండు బిల్లులు, సరుకు ఒక్కటే. జులైలో ఇది గమనించి ఆయన ఫోనులో పంపిన సందేశం ఇలా ఉన్నది:

"మీ డూప్లికేట్ బిల్లు అందినది. ఒకే సరుకుకు రెండు బిల్లులు పంపడం ఏమిటి? వెంటనే ఒకటి రద్దు చేయగలరు."

దీనికి మొదట వచ్చిన జవాబు: "డూప్లికేట్ ప్రతి రవాణాదారుది. పొరపాటున మీకు ఇచ్చి ఉంటారు, ఉంచుకోండి." సరఫరాదారు ఎగతాళి చేశాడని కార్యదర్శి అనుకున్నారు కానీ, అతని మాటలో న్యాయం ఉన్నది. సరుకు అమ్మకపు పన్ను బిల్లు మూడు ప్రతులుగా తయారవుతుంది. మొదటిది కొనుగోలుదారుకు, డూప్లికేట్ అని ముద్రించినది రవాణాదారుకు, ట్రిప్లికేట్ సరఫరాదారుకు. ఇది జి.ఎస్.టి. నిబంధనలలో ఉన్నదే. కనుక బిల్లుల వ్యవహారంలో ఉన్న వాడికి "డూప్లికేట్ బిల్లు" అంటే అదే బిల్లు రెండవ ప్రతి. మన కార్యదర్శి ఉద్దేశించినది వేరే నంబరుతో రెండవసారి వేసిన బిల్లు. ఆ మాట మానివేసి "ఒకే సరుకుకు రెండు నంబర్లతో బిల్లులు" అని వ్రాసి ఉంటే మొదటి వారం వృథా అయ్యేది కాదు.

తరువాత ఫోనులో గట్టిగా మాట్లాడుకున్నారు. చివరకు "ఒకటి రద్దు చేశాము" అని జవాబు వచ్చింది. ఏది అన్నది వీరు అడగలేదు, వారు చెప్పలేదు. సరుకు వెళ్ళినది 431తో కనుక సరఫరాదారు 417ను రద్దు చేశాడు. అతని వైపు నుండి అది సరైనదే. కానీ మన చెక్కు 417 పేరున జమ అయి ఉన్నది. ఆ బిల్లు పోయేసరికి చెక్కు మొత్తం అతని ఖాతాలో దేనికీ కలపని జమగా నిలిచిపోయింది, 431 బకాయిగా స్టేటుమెంటులోకి ఎక్కింది. అది చూసి సంఘం గుమాస్తా చెల్లింపు వోచరు తయారుచేశాడు. స్టాకు ఫైలులో 431కు బిల్లూ చలానా రెండూ ఉన్నాయి, చెల్లించిన గుర్తు లేదు. అతనికి అనుమానం రావడానికి కారణమే లేదు.

చెక్కును ఆపించి, కార్యదర్శితో కూర్చుని ఉత్తరాన్ని మళ్ళీ వ్రాయించాము. సంఘం కాగితం మీద, పంపకపు రిజిష్టరు నంబరుతో, రెండు బిల్లుల నకళ్ళు జతచేసి:

"అయ్యా, 88వ నంబరు చలానా ప్రకారం పది పాల క్యానులు జూన్ 10న మాకు ఒక్కసారే అందినవి. ఈ సరుకుకు మీ వద్దనుండి రెండు బిల్లులు వచ్చినవి: 417, తేది 5-6-2024, మరియు 431, తేది 10-6-2024. రెండింటిలోను ఒక్కొక్క బిల్లు మొత్తం 38,400 రూపాయలే. 417 బిల్లుపై జూన్ 18న చెక్కు ద్వారా పూర్తి మొత్తం చెల్లించినాము. 431పై ఏమీ చెల్లించలేదు. ఈ రెండింటిలో ఏ బిల్లును రద్దు చేయవలెనో, ఇప్పటికే చేసి ఉంటే దేనిని చేసినారో నంబరుతో తెలుపగోరుతాము. రద్దు చేసినది 417 అయితే, మా చెక్కును 431కు జమ కట్టి, బకాయి లేదని స్టేటుమెంటు పంపగోరుతాము. రద్దుకు సంబంధించిన కాగితం కూడా పంపగలరు."

ఈ ఉత్తరంలో నింద లేదు. ఎందుకు పంపారన్న ప్రశ్న లేదు, దానికి జవాబు వచ్చినా మన పుస్తకంలో ఎక్కడా వ్రాసుకోలేము. 431ను రద్దు చేయమన్న ఆదేశం కూడా లేదు. "డబ్బు 417కు ఇచ్చాము కదండీ, రెండవదే తీసివేయమందాము" అని కార్యదర్శి పట్టుబట్టారు. మేము ఒప్పుకోలేదు. ఏ బిల్లును సరఫరాదారు తన పన్ను రిటర్నులో చూపాడో, ఏది లారీతో పోయిన కాగితాలకు సరిపోతుందో మనకు తెలియదు. అది అతను చెప్పవలసినది. సరుకు ఎన్నిసార్లు అందినది, డబ్బు ఏ బిల్లుపై ఇచ్చినది మనం చెప్పవలసినది. ఎవరికి తెలిసినది వారు చెబితే ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

రద్దు కాగితం ఎందుకు అడిగామంటే, రిటర్నులో చూపిన బిల్లును చింపివేసి రద్దయిందనడానికి వీలులేదు. సరఫరాదారు సాధారణంగా ఆ బిల్లు నంబరు చూపుతూ క్రెడిట్ నోటు ఇవ్వవలసి ఉంటుంది. బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో ఆ సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే నవంబరు 30 లోగా, వార్షిక రిటర్ను అంతకు ముందే వేస్తే ఆ లోగానే, దానిని అతను తన లెక్కలో చూపుకోవాలి. సంఘానికి జి.ఎస్.టి. నమోదు లేకపోయినా ఆ నోటు మన ఫైలులో ఉండాలి. రేపు ఆడిటరు రెండు బిల్లులు చూసి అడిగేది దానినే.

నాలుగు రోజులలో జవాబు వచ్చింది. 417పై క్రెడిట్ నోటు, చెక్కును 431కు జమ కట్టిన స్టేటుమెంటు, రెండూ ఒకే కవరులో. 417 బిల్లు మీద "రద్దు, 431 చూడుము" అని ఎర్ర సిరాతో వ్రాయించి, జూన్ 18 నాటి వోచరుకు 431 బిల్లునూ క్రెడిట్ నోటునూ కలిపి కుట్టించాము. నగదు పుస్తకంలో మొత్తం మారలేదు కనుక దిద్దవలసినది లేదు. వివరం గడిలో బిల్లు నంబరు మార్పును తేదీతో వ్రాసి అధ్యక్షుల సంతకం తీసుకున్నాము. ఆగిన చెక్కును రద్దు చేసి, చెక్కు పుస్తకంలోని దాని మొదలుకు అంటించాము. సంగతి తరువాతి పాలకవర్గ సమావేశం మినిట్సులో కూడా వ్రాయించారు. కార్యదర్శి గురించి పుట్టిన మాట ఆగడానికి అది అవసరమైంది.

ఇటువంటి ఉత్తరం వ్రాసే ముందు స్టాకు రిజిష్టరు తప్పక చూడండి. దాణా, ఖనిజ మిశ్రమం వంటివి నెలలో రెండుసార్లు ఒకే పరిమాణంలో రావచ్చు, అప్పుడు రెండు బిల్లులూ న్యాయమైనవే. గుర్తు పట్టేది మొత్తాన్ని బట్టి కాదు, చలానా నంబరును బట్టి. ఇక ధరలో గాని, సంఖ్యలో గాని తేడా ఉన్న రెండవ బిల్లు వస్తే అది సవరణ బిల్లు కావచ్చు. దానికి ఈ ఉత్తరం పనికిరాదు, తేడా ఎందుకు వచ్చిందో అడుగుతూ వేరే వ్రాయాలి. జవాబు వచ్చేవరకు రెండు బిల్లులలో దేనిమీదా చెల్లింపు వోచరు తయారుచేయకుండా, రెండింటి మీదా పెన్సిలుతో "విచారణలో" అని వ్రాసి ఉంచండి.