నాలుగో ఎలక్ట్రాన్ ఎక్కడ తిరుగుతోంది?

పెన్సిల్‌ని రెండు చివరలా చెక్కి మల్టీమీటర్ పెట్టండి, కరెంటు పోతుంది. (లెడ్ అంటాం గానీ, అందులో సీసం లేదు, ఉన్నది గ్రాఫైట్, బంకమట్టి.) అదే కార్బన్‌తో అయిన వజ్రంలో పోదు. అక్కడ ప్రతి పరమాణువులో నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లూ నాలుగు దిక్కుల బంధాల్లో ఇరుక్కుపోయాయి. అందుకే అంత గట్టిదనం, తిరగడానికి ఎలక్ట్రాన్ లేకపోవడం.

గ్రాఫైట్‌లో బంధాలు మూడే, అవీ ఒకే తలంలో. నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది. నాకు వింతగా అనిపించేది ఇంకోటుంది: ఈ పొరలోని బంధం వజ్రంలోని దానికంటే పొట్టి, బలం కూడా ఎక్కువే. పొడవు 0.142 నానోమీటర్లు, వజ్రంలో 0.154. మరి గ్రాఫైట్ మెత్తగా ఎందుకుంది? పొరకీ పొరకీ మధ్య 0.335 నానోమీటర్ల ఎడం, పట్టి ఉంచేది బలహీనమైన వాండర్ వాల్స్ ఆకర్షణ. పొరలు జారితేనే కాగితం మీద గీత పడుతుంది. కరెంటు కూడా పొర వెంబడి బాగా పోతుంది, అడ్డంగా చాలా తక్కువ.

2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ టేపుతో ఊడదీసిన ఒక్క పొరే గ్రాఫీన్. జారడానికి పక్క పొర లేదు కాబట్టి బంధాల అసలు బలం అందులో కనిపిస్తుంది.

అలాంటి పొరే 12 పంచభుజులు కలుపుకుని బంతిలా మూసుకుంటే C60. ఎలక్ట్రాన్ బంతి మీద తిరుగుతుంది గానీ పక్క బంతికి దూకడం కష్టం. కాబట్టి ఘన C60 మెత్తన, వాహకతా తక్కువే. బంతుల మధ్య పొటాషియం చేర్చి K3C60 చేస్తే మాత్రం, సుమారు 19 కెల్విన్‌ల కింద అదే సూపర్ కండక్టర్.